ఒక్క రోజులో ఐదు ఆరామాలు: బస్సు తెచ్చిన యాత్రకు అసలుతనం ఉందా?

కొత్తపేట శారద | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గుంటూరులో ఉంటూ దూరవిద్యలో ఎం.ఏ. ఆంత్రోపాలజీ చదువుతున్నాను. పుణ్యక్షేత్రాలు వ్యాపారమైపోయాక అక్కడి యాత్రలో అసలుతనం మిగులుతుందా అన్న అంశం మీద వాదనతో కూడిన వ్యాసం రాయాలి. "ఒకప్పుడు భక్తి ఉండేది, ఇప్పుడు డబ్బు ఉంది" అని రాస్తే మా అధ్యాపకులు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. ఒక్క ఉదాహరణ తీసుకొని దాని లోతు చూడమన్నారు.

నేను తీసుకున్నది కార్తీక సోమవారం పంచారామాల బస్సు. పోయిన కార్తీకంలో మా పిన్నితో కలిసి ఒక ప్రైవేటు బస్సులో వెళ్ళాను. ఆదివారం రాత్రి గుంటూరులో ఎక్కితే తెల్లవారుజామున అమరావతి, తర్వాత భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, చివర సామర్లకోట. మంగళవారం తెల్లవారేసరికి మళ్ళీ ఇంటికి. ప్రతి గుడి దగ్గరా "నలభై నిమిషాలు" అని మైకులో చెబుతారు. ఎక్కగానే చేతికి ఒక కరపత్రం ఇచ్చారు. ఐదు ఆరామాలనూ ఒకే రోజు దర్శించుకుంటే విశేష ఫలమని అందులో ఉంది.

పిన్ని ఆ మాట మనస్ఫూర్తిగా నమ్ముతుంది. నాకు మాత్రం అమరావతిలో చీకట్లో వరుసలో నిలబడినప్పుడే అనుమానం మొదలైంది. బస్సు లేని రోజుల్లో ఇది ఎవరికి సాధ్యం? ఎవరికీ సాధ్యం కాని పనికి ఫలం ఎవరు చెప్పి ఉంటారు? టికెట్ల కోసం ఎవరో పుట్టించిన మాట అయితే, దాన్ని నమ్మి రోజంతా ఉపవాసం ఉన్న మా పిన్ని చేసినది అసలైన యాత్ర అవుతుందా, కాదా? ఏ వైపు వాదించాలో తేల్చుకోలేకపోతున్నాను.

పటమట పెద్దబ్బాయి | ఆదివారం రాత్రి 10:05

మంచి సమాచారం ఇచ్చారు. మా అమ్మకు 71 ఏళ్ళు, ఎప్పటి నుంచో పంచారామాలు అంటోంది. విజయవాడ నుంచి బస్సు ఏ రోజు ఉంటుంది, పెద్దవాళ్ళకు ముందు సీట్లు ఇస్తారా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు.

బ్రాడీపేట తార్కికుడు | ఆదివారం రాత్రి 10:31

శారద గారూ, మీ ప్రశ్నకు జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఇది పూర్తిగా కల్పించిన సంప్రదాయం. అసలు "ఆరామం" అనేదే బౌద్ధుల మాట. అమరావతిలో మహాచైత్యం ఉండేది, దాని శిల్పాలు ఇప్పుడు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. బౌద్ధ స్థలాలను శైవులు తీసుకున్నారు, శైవుల స్థలాలను ఇప్పుడు ట్రావెల్స్ వారు తీసుకున్నారు. తారకాసురుడి గొంతులోని లింగం ఐదు ముక్కలైందన్న కథ కూడా బస్సు టికెట్ లాంటిదే. ఒక దొంగ సరుకు మీద ఇంకొక దొంగ ముద్ర. వ్యాసంలో ఇదే రాయండి, నిర్మొహమాటంగా.

పాత మాస్టారు | ఆదివారం రాత్రి 11:12

తార్కికుడు గారు మూడు వేర్వేరు విషయాలను ఒకే గోనెసంచిలో వేసి కట్టారు. విప్పి చూద్దాం.

మొదటిది గుడులు. ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాలను తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడు కట్టించాడని చెబుతారు. ఆయన 9వ శతాబ్ది చివర, 10వ శతాబ్ది మొదట్లో ఏలినవాడు. రెండు గుడులూ రెండంతస్తులవి, రెండింటిలోనూ నిలువెత్తు లింగాలు, పోలికలు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. గుడులను బస్సు కల్పించలేదు.

రెండోది బౌద్ధం. అమరావతి బౌద్ధ క్షేత్రమన్నది నిస్సందేహం. ఆరామం అన్న మాటకు బౌద్ధంతో ఉన్న బంధం గురించి చరిత్రకారులు ఊహలు చేశారు, వాటిలో బలం ఉంది. అయితే ఆరామం అంటే తోట అని మామూలు అర్థం కూడా ఉంది. మాట ఒక్కటి పట్టుకొని ఐదు చోట్లా బౌద్ధ విహారాలు ఉన్నాయని తేల్చడం కుదరదు. ఉన్నాయనే అనుకున్నా, వెయ్యేళ్ళ కింద చేతులు మారిన స్థలం నేటి భక్తురాలి ఉపవాసాన్ని దొంగ సరుకు చేయదు.

మూడోది "ఒకే రోజు" అన్న షరతు. శారద ప్రశ్న దీని గురించే. ఇక్కడ ఆమె అనుమానం నిజమని లెక్క చెబుతోంది. అమరావతి నుంచి భీమవరం 150 కిలోమీటర్లకు అటూ ఇటూ. అక్కడి నుంచి పాలకొల్లు 20 పైచిలుకు, పాలకొల్లు నుంచి ద్రాక్షారామం 60 దాకా, మళ్ళీ సామర్లకోటకు 35, 40. మొత్తం 270 అనుకోండి. ఎడ్లబండి రోజుకు 25, 30 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే దారి మంచిదైతే పది రోజులు. పాలకొల్లు దాటాక వశిష్ఠను, తర్వాత గౌతమిని రేవుల్లో పడవల మీద దాటాలి, కార్తీకం నాటికి గోదావరిలో ఇంకా నీళ్ళు నిండుగానే ఉంటాయి. ఇప్పుడు బస్సు సిద్ధాంతం దగ్గర ఒక వంతెన, జొన్నాడ దగ్గర ఇంకొక వంతెన ఎక్కి కిటికీలోంచి చిల్లర విసిరేంత సేపట్లో రెండు పాయలూ దాటేస్తోంది. కాబట్టి "ఒకే రోజు" అన్న మాటకు వంతెనలు, తారు రోడ్డు, ఇంజను ఉండి తీరాలి. అది వాహనాల కాలపు మాట.

కానీ శారదా, కొత్తది అని తేలినంత మాత్రాన బూటకం అని తేలిపోదు. ఆ రెండింటి మధ్య ఒక మెట్టు ఉంది, నీ వ్యాసం ఆ మెట్టు మీద నిలబడాలి.

కృష్ణలంక కండక్టరు | సోమవారం ఉదయం 6:20

నేను బస్సుల్లో ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టి రిటైరయ్యాను. చదువు తక్కువ, కానీ ఈ రూటు బాగా తెలుసు.

ఒకే రోజు ఎందుకైందో చెబుతాను. కార్తీకంలో సోమవారాలు నాలుగు, మహా అయితే ఐదు. జనానికి సోమవారమే కావాలి. ఈ గుడి సోమవారం, ఆ గుడి మంగళవారం అంటే టికెట్ తెగదు. ఇటు చూస్తే పండగ కోసం బయటకు తీసిన బస్సు మంగళవారం పొద్దున మామూలు రూటు మీదకు వెళ్ళాలి. రాత్రి బస అంటే గదులు చూడాలి, భోజనాలు చూడాలి, అప్పుడు టికెట్ ధర పేదవాడికి అందదు. భక్తుడి సోమవారం, బస్సు మంగళవారం, ఈ రెండింటి మధ్య ఇరుక్కొని యాత్ర ఒక్క రోజుది అయింది. ఎవరో కూర్చొని కుట్ర పన్నారని నేను అనుకోను.

విశేష ఫలం సంగతి మేము చెప్పగా జనం నేర్చుకున్నారో, జనం చెప్పుకోగా కరపత్రాల్లోకి ఎక్కిందో నేను చెప్పలేను. ఒకసారి నేనే ఒక పెద్దావిడను అడిగాను, ఎవరు చెప్పారమ్మా అని. "మీ బస్సులోనే విన్నాను నాయనా" అంది.

పటమట బాబూ, కార్తీకం ముందు పండిట్ నెహ్రూ బస్టాండులో విచారణ కౌంటర్ దగ్గర అడిగితే చెబుతారు. ముందు సీట్లు కావాలంటే తొందరగా రిజర్వు చేయించుకోవాలి. మెట్లు ఎక్కువ ఉన్న చోటు అమరావతి, అమ్మగారికి చేయి ఆసరా ఉండాలి.

బ్రాడీపేట తార్కికుడు | సోమవారం ఉదయం 8:02

"మీ బస్సులోనే విన్నాను నాయనా." ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? గానుగెద్దు తిరుగుతున్నట్టు నమ్మకం తిరుగుతోంది. బస్సు నమ్మకాన్ని అమ్ముతోంది, నమ్మకం బస్సును నింపుతోంది. నలభై నిమిషాల్లో ఏం దర్శనం, ఏం భక్తి? హడావుడిగా ముక్కలు చేసి అమ్మే భక్తి అది.

తెనాలి అర్చకుల ఇల్లు | సోమవారం మధ్యాహ్నం 2:45

మాది అర్చకుల కుటుంబం, నాన్నగారు ఇప్పటికీ శివాలయంలో చేస్తున్నారు. తార్కికుడు గారు తొందరను, కుదింపును బస్సు తెచ్చిన తెగులు అంటున్నారు. కార్తీకంలో 365 వత్తుల కట్ట వెలిగించడం మీ ఇంట్లో ఎప్పుడూ చూడలేదా?

ఏడాది పొడవునా రోజూ దీపం పెట్టాలి. పెట్టలేకపోయిన వారు కార్తీకంలో ఒక్క రోజు 365 వత్తులను కట్టగా కట్టి, నేతిలో తడిపి, ఒకే ప్రమిదలో వెలిగిస్తారు. ఏడాది మొత్తం ఒక్క మంటలోకి వస్తుంది. దీన్ని ట్రావెల్స్ వారు కనిపెట్టలేదు కదా. మా సంప్రదాయంలో ప్రతి దానికీ ఇలాంటి కుదింపు ఉంది. పువ్వు లేకపోతే అక్షతలు, అక్షతలు లేకపోతే మనసులో స్మరణ. నాన్నగారు మంత్రం మధ్యలో "పుష్పాభావే అక్షతాన్ సమర్పయామి" అంటూ ఉంటారు. లేనప్పుడు ఏం చేయాలో పూజ లోపలే రాసి ఉంది. ఏడాది దీపాలను ఒక్క ప్రమిదలో పెట్టడం అసలైనదే అయితే, పది రోజుల దారిని ఒక్క రోజులో పెట్టడం నకిలీ ఎలా అవుతుంది?

వెనక మా నాయనమ్మ ఆ వత్తులను మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చొని తొడ మీద పేనేది, నెల రోజుల పని. ఇప్పుడు గుడి ముందు కట్ట కట్టి నేతిలో తడిపి అమ్ముతున్నారు. నాకు బాధగా అనిపించేది అది. బస్సు వల్ల కాదు, ఆ పేనిన నెల పోయినందుకు.

కొత్తపేట శారద | సోమవారం రాత్రి 9:15

తెనాలి గారూ, మీ 365 వత్తుల మాట చదివి లేచి నిలబడ్డాను. ఎందుకంటే నా డైరీలో ఉన్న ముఖ్యమైన సంఘటన ఆ వత్తుల కట్టదే. వివరంగా రాస్తాను.

మా బస్సు ముందు ఒక లారీ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. రెండు గంటల ఇరవై నిమిషాలు పోయాయి. భీమవరం చేరేసరికి నిర్వాహకుడు లేచి, నలభై నిమిషాలు కాదు, ఇరవై అని చెప్పాడు. అప్పటి నుంచి నేను దర్శనం సంగతి వదిలి, ఎవరు ఏం వదులుకుంటున్నారో రాసుకోవడం మొదలుపెట్టాను.

మొదట పోయింది కొనుగోళ్ళు. రావులపాలెం దగ్గర పూతరేకులకు ఆగుతామన్న మాటను ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. తర్వాత గోదావరి స్నానం పోయింది, నెత్తిన నీళ్ళు చల్లుకుంటే చాలన్నారు. తర్వాత అభిషేకం. టికెట్ కొనుక్కుందామనుకున్న వారు కూడా మామూలు దర్శనం వరుసలోకి వచ్చేశారు. ప్రదక్షిణలు మూడు నుంచి ఒకటికి తగ్గాయి. భోజనం ఊసే లేదు, చాలామంది చుక్క కనబడే దాకా తినరు.

కానీ భీమవరంలో గుడి ముందు కోనేటి మెట్ల మీద ఒకావిడ వత్తుల కట్ట తీసింది. గాలి వీస్తోంది. అగ్గిపుల్లలు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. మా బస్సు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వెనక్కి వచ్చి ఆమె చుట్టూ నిలబడి కొంగులు అడ్డం పెట్టారు. రెండోసారి హారన్. నిర్వాహకుడు వచ్చి, చూసి, చెప్పులు పక్కన విడిచి తానూ గాలి వైపు నిలబడ్డాడు. ఆ దీపం నిలబడేసరికి పదిహేడు నిమిషాలు పట్టింది. మూడో హారన్ కొట్టలేదు. బస్సు ఎక్కాక ఆలస్యం చేశావని ఆమెను ఒక్కరూ అనలేదు. అమరావతిలో టీ కోసం నాలుగు నిమిషాలు ఆలస్యమైన కుర్రాడిని మాత్రం అందరూ తిట్టారు.

ఇది చూశాక నాకు ఒక పద్ధతి తోచింది. కరపత్రం ఏమంటోంది, పండితుడు ఏమంటున్నాడు అన్నది పక్కన పెట్టి, సమయం తక్కువైనప్పుడు జనం ముందు దేన్ని వదులుతారు, చివరి దాకా దేన్ని పట్టుకుంటారు అని చూస్తే, వారి దృష్టిలో యాత్రకు ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ప్రాణం అమ్మకానికి పోయిందా లేదా అన్నది అప్పుడు అడగవచ్చు. మా బస్సులో పట్టుకున్నవి రెండు: దీపం, ఐదో గుడి. ఒక్కటి మానేసి ఇంటికి వెళ్దామా అని నిర్వాహకుడు మెల్లగా అడిగితే బస్సు మొత్తం ఒక్క గొంతుతో వద్దంది.

మాస్టారూ, ఇది వాదనగా నిలుస్తుందా?

బ్రాడీపేట తార్కికుడు | సోమవారం రాత్రి 10:20

కథ బాగుంది. కానీ ఒక ప్రశ్న. గుడి గోపురం ముందు ఫోనుతో ఫోటో తీసుకోవడం ఎవరైనా వదులుకున్నారా?

కొత్తపేట శారద | సోమవారం రాత్రి 10:34

డైరీ చూశాను. లేదు. ఐదు చోట్లా తీసుకున్నారు. పిన్ని కూడా.

బ్రాడీపేట తార్కికుడు | సోమవారం రాత్రి 10:41

చూశారా! అయితే మీ పద్ధతి ప్రకారం సెల్ఫీ కూడా యాత్రకు ప్రాణమే. పది సెకన్లలో అయిపోయేది ఎవరూ వదులుకోరు, గంట పట్టేదాన్ని ముందు వదులుతారు. మీరు కొలిచింది భక్తిని కాదు, నిమిషాలను. అభిషేకం వదిలారంటే దాని విలువ తక్కువని కాదు, దాని వరుస పొడుగని.

పాత మాస్టారు | మంగళవారం ఉదయం 7:05

తార్కికుడు గారూ, ఇది అసలైన అభ్యంతరం. ఆదివారం రాత్రి గోనెసంచి కంటే ఎంతో నయం. శారద దీన్ని వ్యాసంలో దాచకూడదు.

జవాబు కొంత ఆమె డైరీలోనే ఉంది. దీపానికి పదిహేడు నిమిషాలు పట్టింది, అదీ ఇరవై నిమిషాల గడువులో. చవకగా అయిపోయే పని కాదది. పైగా ఆ సమయాన్ని ఒకావిడ కోసం మిగతావారు ఇచ్చారు. టీ కుర్రాడి నాలుగు నిమిషాలను ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి ఎన్ని నిమిషాలన్నది ఒక్కటే చూడకు శారదా, ఎవరి ఆలస్యాన్ని మిగతావారు క్షమించారన్నది చూడు. ఫోటోను వదులుకోలేదు సరే, ఫోటో కోసం ఆలస్యమైన వారిని ఏమన్నారో రాసుకున్నావా? అభిషేకం విషయంలో మాత్రం తార్కికుడి మాటే నెగ్గుతుంది. వరుస పొడుగని వదిలారో, అది లేకపోయినా ఫరవాలేదని వదిలారో బయట నుంచి చూస్తే తెలియదు. అడిగి ఉండాల్సింది.

ఇక డబ్బు సంగతి. మీ పాఠాల్లో డేవిడ్ గ్రీన్‌వుడ్ వచ్చే ఉంటాడు. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతపు ఫ్యుయెంటెర్రాబియా ఊళ్ళో అలార్దె అని ఒక ఉత్సవం. పాత ముట్టడిలో ఊరు గెలిచినందుకు ఊరి వాళ్ళంతా ఊరేగుతారు. పర్యాటకులు ఎక్కువై చూడడానికి చోటు చాలక 1969లో పురపాలక సంఘం అదే రోజు ఉత్సవాన్ని రెండుసార్లు జరపమంది. రెండేళ్ళు తిరగకుండానే ఊరేగింపుకు మనుషులు దొరకడం కష్టమైంది, చేసేవారికి డబ్బివ్వాలన్న మాట వచ్చింది. తమ కోసం తాము చేసుకునేది చూసేవారి కోసం చేసే పని అయింది, అందులో ప్రాణం పోయిందని 1977లో రాశాడు. తర్వాత ఆయనే తన మాటను మళ్ళీ పరిశీలించుకున్నాడు, ఎందుకంటే అలార్దె చచ్చిపోలేదు, బాస్క్ రాజకీయాల్లో కొత్త అర్థంతో నిలబడింది.

ఆ ఉదాహరణను తెచ్చి మన బస్సు మీద అతికించకు. తేడా చూడు. అక్కడ డబ్బు తెచ్చినవాడు ప్రేక్షకుడు, చేసేవాడు వేరు. మన బస్సులో డబ్బిచ్చిన ఆవిడే దీపం పెట్టింది, చూడడానికి ఎవరూ లేరు. నిర్వాహకుడు అమ్మింది సీటు. చివరకు ఆయన కూడా చెప్పులు విడిచాడు. ఆ చెప్పుల వాక్యాన్ని ఏ ఎర్ర సిరాకూ వదలకు.

కొత్తది కాలక్రమంలో అసలైనదిగా స్థిరపడుతుందని ఎరిక్ కోహెన్ 1988లో వాదించాడు. విజయవాడ వాళ్ళకు దీన్ని వేరే చెప్పాలా? అయ్యప్ప దీక్ష ఒరవడిలో వచ్చిన భవానీ దీక్ష మా తరం కళ్ళ ముందు పెరిగింది. ఇవాళ ఎర్రబట్టలతో ఇరుముడి ఎత్తుకొని ఇంద్రకీలాద్రి ఎక్కేవారిని ఇది నిన్న మొన్నటిదని ఎవరైనా ఆపుతారా?

బ్రాడీపేట తార్కికుడు | మంగళవారం ఉదయం 9:30

అలా అయితే దేన్నీ నకిలీ అనడానికి వీల్లేదన్నమాట. డబ్బు కట్టి ఇంట్లో కూర్చుంటే గుడిలో మన గోత్రనామాలతో పూజ చేసి వీడియో చూపిస్తున్నారు. పరోక్ష సేవ అంటున్నారు. అదీ అసలైనదేనా? ఎక్కడో ఒక గీత గీయండి మాస్టారూ.

పాత మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం 12:50

గీత గీసే ముందు ద్రాక్షారామం గోడలు, స్తంభాలు చదవండి. వాటి మీద వందల కొద్దీ శాసనాలు ఉన్నాయి. వాటిలో అఖండ దీపం దానాలు ఎన్నో. దాత ఇన్ని పశువులనో గొర్రెలనో గుడికి ఇస్తాడు. వాటిని ఒక బోయకు అప్పగిస్తారు, అతడు వాటిని మేపుకుంటూ రోజుకు ఇంత నెయ్యి గుడికి కొలిచి పోయాలి. ఆ నేతితో దాత పేరు మీద దీపం సూర్యచంద్రులు ఉన్నంత కాలం వెలగాలి. దాతల్లో రాజులు ఉన్నారు, రాజుల కొలువులోని వారు ఉన్నారు, ఆడవాళ్ళు ఉన్నారు. దీపం పెట్టినది మాత్రం వారి చేయి కాదు. వెల కట్టారు, ఏర్పాటు చేశారు, వెళ్ళిపోయారు. తొమ్మిది వందల ఏళ్ళ నాటి పరోక్ష సేవ అది.

తేడా లేదని అనను. ఆ మంద ఎవరి చేతిలో ఉందో, నెయ్యి ఎవరు పోయాలో రాయి మీద చెక్కారు. దీపం ఆరితే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇప్పటి సేవలో డబ్బు ఎవరికి చేరిందో, దీపం ఎవరు పెట్టారో కట్టినవారికి తెలియదు. నాకు గీత అక్కడ కనిపిస్తోంది: ఆరిపోతే ఎవరిని అడగాలో తెలిసి ఉండడం దగ్గర. ఇది నా అభిప్రాయం, పాఠం కాదు.

తెనాలి అర్చకుల ఇల్లు | మంగళవారం మధ్యాహ్నం 3:10

మాస్టారు గారూ, ఈ గీతతో నేను ఏకీభవించను. పరోక్ష సేవకు సంకల్పం చెప్పేది మా నాన్నగారి లాంటివారే. ఎక్కడో అమెరికాలో ఉన్నవారి గోత్రం, పేరు, వారి పిల్లల పేర్లు తప్పు లేకుండా పలకడానికి ఆయన ముందు రోజు రాత్రి కాగితం చూసి చదువుకుంటారు. ఇటువైపు అడగడానికి మనిషి ఉన్నాడు. అటువైపు వారే అడగరు.

పటమట పెద్దబ్బాయి | మంగళవారం రాత్రి 8:25

పెద్దల చర్చ మధ్యలో అడ్డం వస్తున్నందుకు క్షమించండి. అమ్మ మోకాళ్ళు చూసిన డాక్టరు అన్ని గంటలు బస్సులో వద్దన్నారు. తమ్ముడు కారు మాట్లాడాడు. సోమవారం మూడు గుడులు చూసి, పాలకొల్లులో రాత్రి ఉండి, మంగళవారం రెండు. ఇలా రెండు రోజులు చేస్తే పంచారామాలు చూసినట్టు అవుతుందా, కాదా? అమ్మ అదే అడుగుతోంది. వెళ్ళి కూడా లెక్కలోకి రాకపోతే బాధపడుతుంది.

కృష్ణలంక కండక్టరు | మంగళవారం రాత్రి 8:40

ఎందుకు కాదు బాబూ. ఒక్క రోజు లెక్క మా బస్సుది. కారుకు ఆ లెక్క లేదు.

తెనాలి అర్చకుల ఇల్లు | మంగళవారం రాత్రి 8:58

నాన్నగారిని అడిగాను. శక్తి కొద్దీ చేయమన్నారు. ఒకే రోజు చూడాలని శాస్త్రంలో ఆయన చదవలేదట. పక్కనే ఉన్న మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. సోమవారం దాటాక చూసేది వేరే దర్శనమట, అది కూడా పుణ్యమే కానీ పంచారామం కాదట. మా ఇంట్లోనే తేలలేదు.

పాత మాస్టారు | మంగళవారం రాత్రి 9:20

శారదా, పటమట గారి ప్రశ్న చూశావా? మనం రెండు రోజులుగా బయట నుంచి వాదించుకుంటున్నది ఆయన ఇంట్లో నిజమైన సమస్య అయి కూర్చుంది. కొత్త షరతు జనానికి సొంతమైందనడానికి ఇది గుర్తు. అమ్మేవాడు పక్కకు తప్పుకున్నాడు, కారు వాళ్ళే మాట్లాడుకున్నారు, టికెట్ లేదు, కరపత్రం లేదు, అయినా ఆ తల్లి ఆ షరతు ముందు నిలబడి లెక్కలోకి వస్తుందా అని అడుగుతోంది.

కొత్తపేట శారద | మంగళవారం రాత్రి 9:47

చూశాను మాస్టారూ. కానీ దీన్ని తార్కికుడు గారు తిప్పి చెప్పవచ్చు కదా. అమ్మేవాడు లేకపోయినా షరతు పని చేస్తోందంటే, అమ్మకం అంత లోతుగా దిగిందని. రెండు అర్థాలకూ ఒకే సాక్ష్యం. వ్యాసంలో రెండూ రాసి, అర్చకుల ఇంట్లో అమ్మానాన్నల మాటలు పక్కపక్కన పెడతాను.

పటమట పెద్దబ్బాయి గారూ, వీలైతే అమ్మగారిని ఒక్క మాట అడుగుతారా? రెండు రోజులు వెళ్తే ఆమె దృష్టిలో సోమవారం ఎప్పుడు ముగుస్తుంది?

బ్రాడీపేట తార్కికుడు | మంగళవారం రాత్రి 10:02

తిప్పి చెప్పే పని మీరే చేసేశారు, నాకు శ్రమ తప్పింది.

పటమట పెద్దబ్బాయి | బుధవారం ఉదయం 7:30

అడిగాను. ఈ ప్రశ్న ఎవరు అడిగారని ముందు నన్ను అడిగింది. తర్వాత, సామర్లకోటలో దీపం పెట్టేదాకా సోమవారమే అంది. అప్పటిదాకా అన్నం ముట్టదట. రాత్రి పాలకొల్లులో నిద్రపోతే మాత్రం రోజు మారిపోతుందేమోనని భయం, అందుకని పడుకోకుండా కూర్చుంటుందట. బీపీ మాత్రలు ఉన్నాయి, పాలైనా తాగమని ఒప్పించాం.

కండక్టరు గారూ, సామర్లకోటలో కారు గుడికి దగ్గరగా ఎక్కడ ఆపుకోవచ్చు?